రోజంతా సాగే కార్యక్రమంలో వ్యాఖ్యాత మొదటి నిమిషం

ప్రశ్న: “మా నృత్య పాఠశాల వార్షికోత్సవం వచ్చే నెలలో తిరుపతిలో జరుగుతుంది. ఉదయం మొదలై సాయంత్రం దాకా ఉంటుంది. వ్యాఖ్యానం నన్ను చేయమన్నారు. మొదట మైకు తీసుకున్నప్పుడు నన్ను నేను ఎలా పరిచయం చేసుకోవాలి? అన్నీ సమయానికి జరుగుతాయని చెప్పవచ్చా?”

మీ గురించి ఒక్క వాక్యం చాలు. అందులో మీ పేరు, ఈ రోజు మీరు చేయబోయే పని ఉంటే సరిపోతుంది. ఆ నిమిషంలో మిగిలిన భాగమంతా ప్రేక్షకుల రోజు గురించి మాట్లాడండి: భోజనాలకు ఎప్పుడు ఆపుతారు, ఎప్పుడు ముగిస్తారు, తమ పిల్లల వంతు వస్తున్నదని వారికి ఎలా తెలుస్తుంది. “అన్నీ సమయానికి జరుగుతాయి” అని మాత్రం అనకండి. భోజన విరామానికి ఒక సమయం, ముగింపుకు ఒక సమయం చెప్పి, ఆ రెండింటికే మాట ఇవ్వండి. ఆ రెండు సమయాలనూ ఆహ్వాన పత్రికలో నుంచి తీసుకోకూడదు. ముందు రోజు మీరే కూర్చుని లెక్క వేసుకోవాలి.

నేను వృత్తిరీత్యా తెలుగు ఉపాధ్యాయుడిని. ఇరవై ఏళ్ళకు పైగా తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో పాఠశాల వార్షికోత్సవాలకు, సాహిత్య సభలకు, నృత్య కార్యక్రమాలకు వ్యాఖ్యానం చేస్తున్నాను. వాటిలో మీరు అడిగిన రకమే, అంటే ఒకే రోజున నలభై యాభై అంశాలు ఉండే పిల్లల నృత్య కార్యక్రమమే, అన్నిటికన్నా కష్టమైనది. అందుచేత దాని గురించే వివరంగా చెబుతాను.

ఒక్క వాక్యం చాలని ఎందుకు అంటున్నానో నా అనుభవం నుంచే చెప్పాలి. తొలి రోజుల్లో ఒక కార్యక్రమంలో నా చదువు, నేను పొందిన సన్మానాలు, అంతకుముందు వ్యాఖ్యానం చేసిన సభలు అన్నీ చెప్పుకుంటూ అయిదు నిమిషాలు తీసుకున్నాను. నా వెనుక తెర మూసి ఉంది. మొదటి అంశం చేయవలసిన ఎనిమిది మంది పిల్లలు ఆ తెర వెనుక అప్పటికే తమ తమ స్థానాల్లో నిలబడి ఉన్నారు. నేను మాట్లాడుతుండగా గజ్జెలు మెల్లగా, అక్కడక్కడా మోగడం నాకు వినిపించింది. పిల్లలు కాళ్ళు నొప్పెట్టి బరువును ఒక కాలి మీద నుంచి మరో కాలి మీదికి మార్చుకుంటున్న చప్పుడు అది. ముందు వరుసలో ఉన్న ఒక తల్లి నన్ను చూడడం మానేసి తెర అంచునే చూస్తున్నది. తెర తీసేసరికి ఒక పాప నుదుటి మీది పాపిడి బిళ్ళ పక్కకు జారిపోయి ఉంది. ఆ అయిదు నిమిషాలు నేను ఆ పిల్లల నుంచి తీసుకున్నవని ఆ రోజే నాకు అర్థమైంది. అప్పటి నుంచి నా గురించిన వివరాలు ఎవరికైనా అవసరమైతే వాటిని ఆహ్వాన పత్రికలో వేయమని నిర్వాహకులకు ఇస్తున్నాను; వేదిక మీద చెప్పడం లేదు.

ఇక ఆ నిమిషం ఎక్కడ రావాలనేది చూద్దాం. చాలామంది మైకు అందుకోగానే పరిచయం మొదలుపెడతారు. నేను అలా చేయను. మొదటి నాలుగైదు నిమిషాలు జనం కుర్చీలు వెతుక్కుంటూ, తెలిసినవారిని పలకరించుకుంటూ ఉంటారు. ఆ సమయంలో చెప్పిన భోజన సమయం ఎవరి చెవికీ చేరదు, మధ్యాహ్నం పదిమంది వచ్చి అదే అడుగుతారు. అందువల్ల మొదట నమస్కారం చెప్పి, ఒక్క మాటలో ప్రార్థనకు పిలుస్తాను. మన ఊళ్ళో ప్రార్థన అంటే ఎక్కువగా అన్నమయ్య సంకీర్తనే కాబట్టి అది మొదలవగానే నిలబడినవారు కూర్చుంటారు, గుసగుసలు ఆగుతాయి. ఆ కీర్తన ముగిసిన తర్వాత వచ్చే నిశ్శబ్దంలో నా పరిచయం చెబుతాను. దాని తర్వాతనే జ్యోతి ప్రజ్వలన. సభాధ్యక్షులనూ అతిథులనూ వేదిక మీదికి పిలవకముందే మీ పరిచయం అయిపోవాలి. పెద్దలు కూర్చున్న తర్వాత వ్యాఖ్యాత తన గురించి మాట్లాడితే అది ఒక్క వాక్యమైనా ఎబ్బెట్టుగా ఉంటుంది. అప్పటి నుంచి మీరు మాట్లాడేది అధ్యక్షుల అనుమతితో మాట్లాడుతున్నట్లే లెక్క.

ఇప్పుడు లెక్క. ఇటీవల నేను చేసిన ఒక నృత్య పాఠశాల వార్షికోత్సవాన్నే తీసుకుందాం. ఆహ్వాన పత్రికలో ఉదయం 9:30 నుంచి సాయంత్రం 6:00 వరకు అని ఉంది. మొత్తం 46 అంశాలు. నిర్వాహకులు ఒక్కొక్క అంశానికి సగటున 5 నిమిషాలు వేసుకున్నారు, అది సరైనదే. అయితే ఒక బృందం దిగి మరో బృందం ఎక్కడానికి, పాట పెట్టడానికి, నేను అంశాన్ని ప్రకటించడానికి పట్టే సమయాన్ని వారు లెక్కలో వేయలేదు. దానికి తక్కువలో తక్కువ 2 నిమిషాలు కావాలి. అంటే ఒక్కొక్క అంశం 7 నిమిషాలు, 46 అంశాలకు 322 నిమిషాలు. ప్రార్థన, నా పరిచయం, జ్యోతి ప్రజ్వలన కలిపి 20 నిమిషాలు. భోజనాలకు ఒక గంట. అతిథుల ప్రసంగాలు, సన్మానాలు, వందన సమర్పణ, జాతీయ గీతం కలిపి 50 నిమిషాలు. 120 మంది పిల్లలకు సర్టిఫికెట్లు, ఒక్కొక్కరికి 15 సెకన్ల చొప్పున 30 నిమిషాలు. అన్నీ కూడితే 482 నిమిషాలు, అంటే ఎనిమిది గంటల రెండు నిమిషాలు. పత్రికలో ఉన్నది ఎనిమిదిన్నర గంటలు. చూడడానికి సరిపోయినట్లే ఉంది కానీ, పిల్లల అలంకరణ ముగించి 9:30కు తెర తీసిన నృత్య కార్యక్రమం నేను ఇంతవరకు చూడలేదు. అరగంట ఆలస్యమైతే చేతిలో ఉన్న 28 నిమిషాలూ మొదట్లోనే పోతాయి.

కాబట్టి కార్యక్రమం 10 గంటలకు మొదలవుతుందని అనుకుని మళ్ళీ లెక్క వేశాను. 10:20కి మొదటి అంశం. మధ్యాహ్నంలోపు 24 అంశాలు చేస్తే 1:08 అవుతుంది. భోజనానికి 1:15 అని నిర్ణయించాను. 2:15కు మొదలుపెట్టి మిగిలిన 22 అంశాలు చేస్తే 4:49, ఆ తర్వాత అతిథుల భాగం ముగిసేసరికి 5:39, సర్టిఫికెట్లు ముగిసేసరికి 6:09. దానికి 20 నిమిషాలు కలుపుకుని ముగింపు 6:30 అని పెట్టుకున్నాను. ముందు రోజు రాత్రి పాఠశాల గురువుగారికి ఫోను చేసి, “అమ్మా, పత్రికలో ఆరు గంటలని ఉంది. నా లెక్కలో ఆరున్నర వస్తోంది. వేదిక మీద ఆరున్నర అనే చెప్పమంటారా?” అని అడిగాను. ఆమె ఒప్పుకున్న తర్వాతనే ఆ సమయాన్ని కార్డు మీద రాసుకున్నాను. ఈ ఫోను ఎప్పుడూ మానకండి. నిర్వాహకులకు తెలియని సమయాన్ని వ్యాఖ్యాత మైకులో ప్రకటిస్తే, మొదటి నిమిషంలోనే ఇద్దరూ చెరో మాట చెప్పినవారు అవుతారు.

ఆ రోజు నేను చెప్పిన పరిచయం ఇది. పేరు ఉన్నచోట మీ పేరు వేసుకోండి:

“అందరికీ నమస్కారం. నా పేరు ఫలానా, ఈ రోజు మన పిల్లల అంశాలను మీకు ఒక్కొక్కటిగా పరిచయం చేసేది నేను. మన చిన్నారులు 46 అంశాలు సిద్ధం చేసుకుని వచ్చారు. మధ్యాహ్నం ఒకటింబావుకు భోజనాలకు ఆపుతాం. రెండుంబావుకు మళ్ళీ మొదలుపెడతాం. సాయంత్రం ఆరున్నరలోపు ముగిస్తాం. ప్రతి అంశానికి ముందు, దాని తర్వాత వచ్చే రెండు అంశాల పేర్లు కూడా చెబుతాను. కాబట్టి మీ పాప వంతు ఎప్పుడోనని మీరు లేచి వచ్చి అడగనవసరం లేదు. ఎక్కడైనా ఆలస్యమైతే ఎంత ఆలస్యమో నేనే చెబుతాను. ఇప్పుడు జ్యోతి ప్రజ్వలనకు మన గురువుగారిని వేదిక మీదికి సవినయంగా ఆహ్వానిస్తున్నాను.”

గడియారం పెట్టుకుని, తొందర లేకుండా, ప్రతి వాక్యం చివర ఒక ఊపిరి ఆగుతూ చదివి చూడండి. నాకు నిమిషంలోపు పడుతుంది. మీకు ఒక నిమిషం పైన పడితే మాటలు తగ్గించండి, వేగం మాత్రం పెంచకండి. ఎందుకంటే ఆ మొదటి నిమిషంలో మీరు ఏ వేగంతో, ఏ శ్రుతిలో మాట్లాడితే రోజంతా అదే మీ నుంచి ఆశిస్తారు. సంగీత విభావరిలో లాగా గట్టిగా, ఎత్తుగా మొదలుపెట్టినవారు మధ్యాహ్నం పన్నెండుకే గొంతు బొంగురుపోయి, పేర్లు పలకడానికి కూడా ఇబ్బందిపడడం నేను చాలాసార్లు చూశాను. మీరు తరగతి గదిలో వెనుక బెంచీకి వినిపించేలా మాట్లాడే గొంతు ఉంటుంది కదా, అది చాలు. మిగిలిన పని మైకు చేస్తుంది.

ఈ పాఠంలో ఒక విషయం లేదని గమనించి ఉంటారు. ముఖ్య అతిథి ఎన్ని గంటలకు వస్తారో నేను చెప్పలేదు. ఇతరుల రాకకు మీరు మాట ఇవ్వకూడదు. ఇది ఏ ఊళ్ళోనైనా వర్తిస్తుంది, తిరుపతిలో మరీ ఎక్కువగా వర్తిస్తుంది. బయటి ఊరి నుంచి వచ్చే అతిథి తిరుపతి దాకా వచ్చి కొండకు వెళ్ళకుండా ఉండడు. వెనుకటి ఒక సభలో, అతిథి గారు దర్శనం ముగించుకుని బయలుదేరారని ఫోను వస్తే, నేను నా పరిచయంలోనే “మరికొద్ది నిమిషాల్లో వారు మన మధ్య ఉంటారు” అని చెప్పాను. బయలుదేరడం అంటే ఆలయం నుంచి బయటికి రావడమని ఆయన ఉద్దేశం. ఆ తర్వాత కారు దాకా నడవాలి, లడ్డూల కౌంటరు దగ్గర ఆగాలి, ఆపైన ఘాట్ రోడ్డు. ఆ రోడ్డులో దిగే వాహనాలకు వేగ నియంత్రణ ఉంది. ఎంత తొందర ఉన్నా దిగడానికే ముప్పావు గంట దాకా వేసుకోవాలి. ఆయన వచ్చేసరికి గంటన్నర అయింది. ఆ గంటన్నరలో నేను చక్కగానే వ్యాఖ్యానం చేశాను, అంశాలు కూడా బాగానే సాగాయి. అయినా మధ్యమధ్య ప్రేక్షకులు తలుపు వైపు తిరిగి చూస్తూనే ఉన్నారు. వారి చూపును అటు తిప్పింది నా మాటే. అప్పటి నుంచి అతిథుల భాగాన్ని లెక్కలో వేస్తాను కానీ పరిచయంలో దానికి సమయం చెప్పను. అతిథి ముందే వస్తే ముందు వరుసలో కూర్చోబెట్టి, రెండు అంశాలు చూసిన తర్వాత పిలుస్తాను. ఆలస్యంగా వస్తే ఆయన భాగాన్ని సర్టిఫికెట్ల తర్వాతికి జరుపుతాను. ఏ సమయమూ చెప్పలేదు కాబట్టి ఏ మాటా తప్పినట్లు కాదు.

మాట ఇచ్చిన తర్వాత అది నిలుస్తున్నదో లేదో మీకే ముందుగా తెలియాలి. దానికి నా కార్డు మీద ఒక గుర్తు పెట్టుకుంటాను. 10:20కి మొదలైతే, అంశానికి 7 నిమిషాల చొప్పున 12వ అంశం 11:44కు ముగియాలి. 12వ అంశం పేరు పక్కన ఎర్ర సిరాతో ఆ సమయం రాసుకుంటాను. అక్కడ ఏడు నిమిషాలకన్నా ఎక్కువ వెనుకబడితే భోజనం మాట తప్పుతుందని అర్థం.

నేను చెప్పిన కార్యక్రమంలో 12వ అంశం ముగిసేసరికి 11:56 అయింది. పన్నెండు నిమిషాలు వెనుకబడ్డాం. పిల్లలు చక్కగానే సమయానికి సిద్ధంగా ఉన్నారు, నా ప్రకటనలు కూడా చిన్నవే. మరి సమయం ఎక్కడ పోతున్నదని చూస్తే, పాటల దగ్గర. పెన్‌డ్రైవులో పాటలన్నీ పిల్లల పేర్లతో ఉన్నాయి, వరుస సంఖ్యలతో లేవు. సౌండు చూసే అబ్బాయి నేను అంశం పేరు చెప్పిన తర్వాత ఆ పేరు కోసం జాబితా మొత్తం కిందికీ పైకీ వెతుకుతున్నాడు. ఒక్కొక్క మార్పుకు 2 నిమిషాలకు బదులు 3 నిమిషాలు పడుతున్నది. పాఠశాలలో సీనియరు విద్యార్థిని ఒకరిని అంశాల పట్టికతో ఆ అబ్బాయి పక్కన కూర్చోబెట్టాం. ఒక అంశం నడుస్తుండగానే తర్వాతి పాట ఏదో ఆ అమ్మాయి చూపించేది, అతను దాన్ని సిద్ధంగా పెట్టుకునేవాడు. అప్పటి నుంచి మార్పుకు ఒకటిన్నర నిమిషమే పట్టింది. 24వ అంశం 1:14కు ముగిసింది. భోజనాలకు ఒకటింబావుకు ఆపుతామన్న మాట ఒక్క నిమిషం మిగులుతో నిలిచింది.

ఆలస్యమైనప్పుడు చాలామంది పిల్లల అంశాలను కుదించమంటారు, లేదా పాటను మధ్యలో ఆపించేస్తారు. ఆ పని చేయకండి. ఆ పాప ఆ అయిదు నిమిషాల కోసం నెలల తరబడి సాధన చేసి ఉంటుంది. ముందు మీ మాటలు కుదించండి, తర్వాత బృందాల మార్పు మధ్య పోయే సమయాన్ని చూడండి. తర్వాతి బృందం గ్రీన్‌రూములో కాకుండా వేదిక పక్కనే, తెర అంచున నిలబడి ఉండేలా ఒక పెద్దమనిషికి అప్పగించండి. నా అనుభవంలో పోయిన సమయంలో చాలా భాగం ఈ రెండు చోట్లనే తిరిగి దొరుకుతుంది.

సాయంత్రం భాగం కూడా చెబుతాను, ఎందుకంటే ఆ 20 నిమిషాలు ఎందుకు కలిపానో అప్పుడు తెలుస్తుంది. భోజనం తర్వాత 22 అంశాలు 4:38కే ముగిశాయి, లెక్కకన్నా పదకొండు నిమిషాలు ముందు. అతిథుల భాగానికి 50 నిమిషాలు అనుకుంటే 70 పట్టింది. ప్రసంగాలను ఆపే అధికారం వ్యాఖ్యాతకు లేదు, ఉండకూడదు కూడా. సర్టిఫికెట్లకు మరో 34 నిమిషాలు. ముగిసేసరికి 6:22. ఆ ఇరవై నిమిషాలు కలుపుకోకుండా, లెక్కలో వచ్చిన 6:09ని బట్టి ఆరుంబావు అని చెప్పి ఉంటే, అంత చక్కగా నడిచిన రోజు చివరలో మాట తప్పినవాడిని అయ్యేవాడిని. జనం చివరి పది నిమిషాలనే గుర్తుపెట్టుకుని ఇంటికి వెళతారు.

మీ కార్యక్రమం మహతి ఆడిటోరియం లాంటి పెద్ద హాలులో అయితే ఒక చిన్న జాగ్రత్త. హాలు ఖాళీగా ఉన్నప్పుడు మీ గొంతు ఒక రకంగా వినిపిస్తుంది, జనం నిండిన తర్వాత మరో రకంగా వినిపిస్తుంది. నిండిన హాలులో ధ్వని కొంత మెత్తబడుతుంది. కాబట్టి ఉదయం మైకు పరీక్షించినప్పుడు బాగుందని నిశ్చింతగా ఉండకండి. ప్రార్థనకు పిలిచే ఆ ఒక్క వాక్యాన్నే మీ అసలు పరీక్షగా భావించి, చివరి వరుసలో మీ మనిషిని ఒకరిని నిలబెట్టి చేయి ఎత్తి సైగ చేయమనండి. సరిపోకపోతే కీర్తన సాగుతుండగా సౌండు సరిచేయిస్తే, మీ పరిచయానికి అంతా కుదురుకుంటుంది.

ఇదే కార్యక్రమం చిత్తూరులో, నాగయ్య కళాక్షేత్రం లాంటి చోట జరిగితే నేను మరొకటి చేస్తాను. అక్కడ ప్రేక్షకులలో ఇంట్లో తమిళం మాట్లాడే కుటుంబాలు చాలా ఉంటాయి. వారికి తెలుగు అర్థమవుతుంది, అయినా భోజనం సమయం, ముగింపు సమయం ఈ రెండింటిని మాత్రం తమిళంలో ఒకసారి చెబుతాను. మొత్తం పరిచయాన్ని రెండు భాషల్లో చెప్పడం మొదలుపెడితే, ప్రతి అంశానికీ అలాగే చెప్పాలని ఆశిస్తారు. అప్పుడు అంశానికి అర నిమిషం చొప్పున పెరిగినా 46 అంశాలకు 23 నిమిషాలు పోతాయి.

భోజనం తర్వాత మళ్ళీ మైకు తీసుకున్నప్పుడు కొత్తగా వచ్చినవారు చాలామంది ఉంటారు, మధ్యాహ్నం బ్యాచి పిల్లల తాతయ్యలు, అమ్మమ్మలు అప్పుడే వస్తారు. వారి కోసం పరిచయం మొత్తం మళ్ళీ చెప్పవద్దు. మీ పేరు, ఇంకా ఎన్ని అంశాలు ఉన్నాయో ఆ సంఖ్య, ఉదయం చెప్పిన ముగింపు సమయం, ఈ మూడు చెప్పండి. ఉదయం ఆరున్నర అని చెప్పి ఉంటే ఇప్పుడూ ఆరున్నర అనే చెప్పండి. మీ కార్డు మీద లెక్క ముందుకు జరిగి, ఆరింటికే ముగిసేలా కనిపిస్తున్నా సరే, ఆ సమయాన్ని మార్చకండి.